కొత్త ఫ్లూట్ కొనే ముందు పాత ఫ్లూట్ మీద అంకె చూడండి

ప్రశ్న: సార్, మేం హన్మకొండలో ఉంటాం. మా బాబు తొమ్మిదో తరగతి. రెండేళ్లుగా కర్ణాటక పద్ధతిలో ఫ్లూట్ నేర్చుకుంటున్నాడు, ఇప్పుడే వర్ణాలు మొదలయ్యాయి. వచ్చే నెల పుట్టినరోజుకు ఐదు వేలు పెట్టి మంచి పెద్ద ఫ్లూట్ కొందామని వాళ్ల నాన్న అంటున్నారు. ఏది కొనాలి? దీని మీద ముందు ముందు సర్టిఫికెట్ లాంటిది ఏమైనా వస్తుందా?

జవాబు: అమ్మా, ఆ "పెద్ద" అన్న మాట దగ్గర కాస్త ఆగండి. ఫ్లూట్‌లో పెద్దదంటే మంచిదని కాదు, శ్రుతి తక్కువదని. వెదురు పొడవు పెరిగేకొద్దీ శ్రుతి దిగుతుంది, రంధ్రాల మధ్య ఎడం కూడా పెరుగుతుంది. తొమ్మిదో తరగతి పిల్లాడి వేళ్లు అంత దూరం చాపితే ఏదో ఒక రంధ్రం అంచున సందు మిగిలిపోతుంది. అప్పుడు పై స్వరాలు బాగానే పలుకుతాయి, కింది స్వరాలకు వచ్చేసరికి గాలి చప్పుడే వినిపిస్తుంది. వాడు తన ఊదుడులోనే లోపం ఉందనుకుని ఇంకా గట్టిగా ఊదుతాడు. తప్పు వాడిది కాదు, గిఫ్టుది.

ఇది మా ఇంట్లో జరిగిందే. మా మేనల్లుడికి నేనే హైదరాబాద్ నుంచి ఒక పొడుగాటి ఫ్లూట్ తెచ్చాను. చూడ్డానికి ఎంత బాగుందో! వాడు చేతిలోకి తీసుకుని రంధ్రాలు లెక్కపెట్టి, "మామా, ఇది హిందుస్తానీది" అన్నాడు. ఊదే రంధ్రం కాక ఆరే ఉన్నాయి. కర్ణాటక పద్ధతి ఫ్లూట్‌కు మామూలుగా ఎనిమిది ఉంటాయి, చివరిది మూయరు, తెరిచే ఉంచుతారు. వేళ్ల లెక్క కూడా వేరు. మనవాళ్లు పైనుంచి రెండు రంధ్రాలు మూసి షడ్జమం పలికిస్తారు, హిందుస్తానీ ఫ్లూట్ బాన్సురీలో మూడు మూస్తారు. రెండేళ్లుగా వేళ్లకు పడిన అలవాటు ఆ ఒక్క తేడాతో తలకిందులవుతుంది. ఆ ఫ్లూట్ ఇప్పటికీ మా అక్క వాళ్ల షోకేసులోనే ఉంది. షాపులో అడక్కుండా కొన్నది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు.

కాబట్టి ముందు బాబు ఇప్పుడు వాయిస్తున్న ఫ్లూట్ తీసి చూడండి. దాని మీద ఒక అంకె గానీ ఇంగ్లిష్ అక్షరం గానీ రాసి ఉంటుంది. 1 శ్రుతి అంటే C, 2 అంటే D, 3 E, 4 F, 5 G, 6 A. మధ్యలోవి ఒకటిన్నర, రెండున్నర అంటూ వెళ్తాయి. పిల్లలకు ఎక్కువగా 5 శ్రుతి ఇస్తారు, మీ బాబుదీ అదే కావచ్చు. అంకె చెరిగిపోయి ఉంటే గురువుగారిని అడగండి. అడిగేటప్పుడు ఇంకో మాట కూడా అడగండి: "వీడికి శ్రుతి మార్చే టైమ్ వచ్చిందా?" ఆయన రాలేదంటే అదే శ్రుతిలో ఇంకో ఫ్లూట్, ఇప్పటి దానికన్నా మంచిది, తీసుకోండి. ఉన్న శ్రుతిలోనే రెండోది ఎందుకని వాళ్ల నాన్నగారు అనొచ్చు. వెదురు ఎప్పుడు చీలుతుందో చెప్పలేం. కచేరీ రోజు పొద్దున చీలితే చేతిలో రెండోది ఉండాలి.

కొనడానికి బాబును వెంట తీసుకెళ్లండి, సర్‌ప్రైజ్ పోయినా పర్వాలేదు. భద్రకాళి గుడి దారిలోనో జాతరలోనో అమ్మేవి ముచ్చటకు బాగుంటాయి గానీ శ్రుతికి నిలవవు. పేరున్న తయారీదారు దగ్గరైనా పది ఫ్లూట్లలో పదీ ఒకేలా ఉండవు. పరీక్ష ఇలా చేయించండి. ముందు ఐదు నిమిషాలు ఊదనివ్వండి. లోపలి గాలి వేడెక్కితే శ్రుతి కొంచెం పైకి వెళ్తుంది, చల్లటి ఫ్లూట్‌ను కొలిస్తే లెక్క తప్పుతుంది. తర్వాత ఫోన్‌లో ట్యూనర్ యాప్ తెరిచి, మధ్య షడ్జమం తీరిగ్గా పట్టమనండి. 5 శ్రుతి అయితే స్క్రీన్ మీద G రావాలి, ముల్లు మధ్యలో నిలవాలి. అదే వేళ్లతో గాలి మాత్రం మార్చి తార షడ్జమం ఊదమనండి. అక్కడా ముల్లు మధ్యకే రావాలి. కిందది సరిగ్గా ఉండి పైది ప్రతిసారీ పక్కకు జరుగుతోందంటే ఆ ఫ్లూట్ పక్కన పెట్టేయండి. ఆ లోపం వాయించి వాయించి సర్దుకునేది కాదు, వాడి చెవే దానికి అలవాటు పడిపోతుంది. చివరికి ఆ తెరిచి ఉంచేది తప్ప అన్ని రంధ్రాలూ మూసి కింది స్వరం మెల్లగా ఊదించండి. వేళ్లు నొక్కిపట్టకుండానే నిండుగా పలికితే చేతికి సరిపోయినట్టే.

దీనికి రెండు వేలు, మహా అయితే రెండున్నర అనుకోండి. మిగతా డబ్బుతో చిన్న ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె కొనండి. ఫోన్‌లో తంబూరా యాప్ ఉచితంగానే వస్తుంది కదా అంటారు. వస్తుంది, నాదం కూడా బాగానే ఉంటుంది. కానీ ఫోన్ చేతికిస్తే సాధన పదో నిమిషానికి ఏ వాట్సాప్ మెసేజ్ దగ్గర ఆగుతుందో మీకు తెలియనిది కాదు. పెట్టె తీసుకుంటే శ్రుతిని సన్నగా పైకీ కిందికీ జరిపే నాబ్ ఉందో లేదో చూసుకోండి. మే నెల మధ్యాహ్నం ఒకలా, డిసెంబర్ పొద్దున ఇంకోలా ఫ్లూట్ శ్రుతి కొద్దిగా కదులుతుంది. వెదురును తిప్పలేం కాబట్టి పెట్టెనే దానికి దగ్గరగా తెచ్చుకోవాలి.

ఇంకో వంద, నూటయాభైలో అయిపోయే గిఫ్ట్ ఒకటుంది. హార్డ్‌వేర్ షాపులో ఫ్లూట్ కన్నా రెండంగుళాలు పొడవుగా పీవీసీ పైపు కోయించి, రెండు మూతలు తీసుకుని, లోపల మెత్తటి గుడ్డ వేయండి. స్కూల్ బ్యాగులో పుస్తకాల కింద నలిగినా ఫ్లూట్‌కు ఏమీ కాదు. కానీ ఎండలో ఆపిన కారులో మాత్రం ఏ డబ్బాలో పెట్టినా ఉంచొద్దు. మన వరంగల్ ఎండలకు తేమ ఒక్కసారిగా ఆరిపోయి వెదురు నిలువునా చీలుతుంది. ఎండాకాలంలో నెలకోసారి సన్న కర్రకు నూలు గుడ్డ చుట్టి, నాలుగు చుక్కల బాదం నూనెతో లోపల తుడిస్తే చాలు. కారేలా పోయొద్దు. నిన్నటిదాకా నిండుగా పలికింది ఇవాళ ఉన్నట్టుండి బొంగురుపోతే వెలుతురుకు పట్టి చూడండి, వెంట్రుక సన్నని గీత కనిపించవచ్చు.

ఇక సర్టిఫికెట్ మాట. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్ కోర్సు 4 ఏళ్లు, ఆ తర్వాత డిప్లొమా 2 ఏళ్లు. మనకు వరంగల్‌లోనే విద్యారణ్య ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల ఉంది. ఫ్లూట్ అడ్మిషన్లు, క్లాసుల టైమింగ్స్ ఆఫీసుకు వెళ్లి కనుక్కోండి. లెక్క మాత్రం ఇప్పుడే వేసుకోండి. పదిలో చేరితే నాలుగో ఏడు వచ్చేసరికి వాడు డిగ్రీలోనో బీటెక్‌లోనో ఉంటాడు, మధ్యలో ఇంటర్ రెండేళ్ల టెన్షన్ ఎలాగూ తప్పదు. హాస్టల్ కాలేజీలో వేసే ఆలోచన ఉంటే ఈ కోర్సు మధ్యలో ఆగిపోతుంది. ఇక్కడే చదివిస్తామంటే సాగుతుంది. పరీక్షలో వాయించడంతో పాటు థియరీ కూడా ఉంటుంది. చాలామంది పిల్లలు వర్ణం గడగడా వాయిస్తారు, అదే వర్ణానికి స్వరం, తాళం గుర్తులు రాయమంటే తడబడతారు. అందుకని గిఫ్టులో ఒక లావుపాటి రూళ్ల నోట్‌బుక్ కూడా పెట్టండి. వారానికో పాఠం గురువుగారు చెప్పింది వాడే స్వరాల్లో రాసుకోవాలి, ఆయన ఎర్ర పెన్నుతో దిద్దాలి. బజారులో దొరికే పుస్తకాలు తర్వాతైనా కొనొచ్చు.

ఫ్లూట్ కొన్నప్పుడు బిల్లు మీద "వారంలో మార్చుకోవచ్చు" అని రాయించుకోండి. గురువుగారు ఒకసారి ఊది చూసేదాకా దాని మీద బాబు పేరు చెక్కించొద్దు.