సగం నిజం, సగం నింద ఉన్న కంప్లైంట్‌కి ఏం రాయాలి?

"నాది చిన్న టైలరింగ్ షాపు. ఒక కస్టమర్ వాట్సాప్‌లో గట్టిగా కంప్లైంట్ పెట్టారు, అందులో సగమే నిజం. గొడవ పెరగకుండా ఏమని రిప్లై ఇవ్వాలి?"

నేను పదకొండేళ్లుగా జాకెట్లు కుడుతున్నానండి, పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో నాకూ అచ్చం ఇలాంటి మెసేజే వచ్చింది. "ఒక్క ఉతుక్కే బిగుసుకుపోయింది, రెండు రోజులు లేటు చేశారు, మిగిలిన బట్ట కొట్టేశారు, ఇది మోసం" అని. చదవగానే చేతులు వణికాయి, ఏదో టైప్ చేసి మళ్లీ చెరిపేసి ముందు కొలతల నోట్‌బుక్ తీశా.

బుధవారం అని రాసుకుని శుక్రవారం ఇచ్చాం, అది నిజమే. కుట్టిన అమ్మాయిని అడిగితే హడావుడిలో కాటన్ లైనింగ్ నానబెట్టకుండానే కత్తిరించేశానంది, అంటే ఉతికాక లాగేసింది మా వల్లే. ఇక బట్ట సంగతి. ఆవిడే మంగళవారం సాయంత్రం మెడకీ చేతులకీ అదే బట్టతో పైపింగ్ వేయమన్నారు, పైపింగ్ ఏటవాలుగా కత్తిరించాలి కదా, 80 సెంటీమీటర్ల పీసులో ఇక మిగిలేది పీలికలే.

అప్పుడు ఇలా రాశా:

"మేడమ్, లైనింగ్ నానబెట్టకుండా కుట్టాం, అందుకే బిగుసుకుపోయింది, తప్పు మాదే. లోపల రెండు పక్కలా అంగుళం బట్ట వదిలాం, కొత్త లైనింగ్ వేసి వదులు చేసిస్తాం, డబ్బులేం వద్దు. రెండు రోజులు లేటైనందుకు సారీ. మిగిలిన బట్ట పైపింగ్‌కి పట్టింది, ముక్కలు మీ ఆది జాకెట్టు ఉన్న కవర్లోనే పెట్టాం, ఒకసారి చూడండి. జాకెట్టు తెస్తే ఎంత పట్టిందో దగ్గరుండి చూపిస్తాను."

మా తప్పు మొదటే ఒప్పేసుకున్నా, దాని పక్కన "కానీ" పెట్టలేదు, పెడితే సారీ చెప్పినట్టే ఉండదు. మోసం అన్న మాట జోలికి అసలు పోలేదు, బట్ట ఎక్కడికి పోయిందో చెప్తే చాలు కదా. "పైపింగ్ మీరే అడిగారు, అందుకే లేటు" అని రాయాలని చాలా అనిపించిందండి, కానీ ఇంకో రెండు రోజులు పడుతుందని ఆ రోజే చెప్పకుండా సరే అన్నది నేనే, అది ఆవిడ మీదకి నెట్టడం న్యాయం కాదనిపించి ఆపేశా.

ఆదివారం వచ్చారు. కవర్లో ముక్కలు కనిపించాయన్నారు, మోసం అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు, నేనూ అడగలేదు. పక్క కుట్లు విప్పి, లైనింగ్ మార్చి ఇచ్చాను. ఒకవేళ పై బట్టే పాడై ఉంటే ఇలా సరిచేస్తామంటే సరిపోదు, బట్ట ఖరీదు ఇస్తామని మొదటి మెసేజ్‌లోనే రాయాలి.

ఇప్పుడు నోట్‌బుక్‌లో ప్రతి ఆర్డర్ పక్కన లైనింగ్ నానబెట్టామా లేదా అని టిక్ పెడుతున్నాం, మధ్యలో ఏదైనా మార్పు చెప్తే కొత్త తేదీ అప్పుడే మెసేజ్ చేస్తున్నాం.