డాక్టర్ సలహా: డిశ్చార్జ్ కాగితంలో ‘ఆపివేయాలి’ అని రాసిన గోలీ మళ్లీ వేసుకోవచ్చా?

ప్రశ్న: మా నాయనకు 58 ఏండ్లు. మాది మునుగోడు మండలం, బత్తాయి తోట ఉంది. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే నల్లగొండల ఒక ప్రైవేట్ దవాఖానల నాలుగు రోజులు పెట్టినం. డిశ్చార్జ్ కాగితంల ఏకేఐ అని రాసిండ్రు. కిడ్నీలు పోయినయని, డయాలసిస్ దాకా పోతదని చుట్టాలు అంటున్నరు. పాత బీపీ గోలీ ఆపిండ్రు, ఇంటికొచ్చినంక బీపీ 150/90 ఉంది. ఆ గోలీ మళ్లీ వేయొచ్చా? మోకాళ్ల నొప్పులకు ఏం వేయాలె? సమ్మరీ, పాత రిపోర్టు ఫొటోలు పంపుతున్న.
– ఒక పాఠకుడు

జవాబు: ఏకేఐ అంటే అక్యూట్ కిడ్నీ ఇంజురీ. కొన్ని గంటల్లోనో, కొద్ది రోజుల్లోనో కిడ్నీల పని హఠాత్తుగా మందగించడాన్ని ఇలా అంటారు. ఏళ్ల తరబడి నెమ్మదిగా ముదిరే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు వేరు, ఇది వేరు. మీ నాన్నగారిది మొదటి రకమేనని నమ్మడానికి మీరు పంపిన కాగితాల్లోనే రెండు ఆధారాలున్నాయి. స్కానింగ్‌లో రెండు కిడ్నీలూ మామూలు పరిమాణంలో ఉన్నాయి. నిరుడు ఆరోగ్య శిబిరంలో చేసిన పరీక్షలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు మందగిస్తే రక్తంలో పెరిగే వ్యర్థం, 1.0 ఉంది. ఈ పాత అంకె సమ్మరీలో ఎక్కడా లేదు. మీరు ఆ రిపోర్టును దాచి ఉంచకపోతే, ఇప్పటి 1.6ను దేనితో పోల్చాలో ఎవరికీ తెలిసేది కాదు.

సమ్మరీ రెండో పేజీలో ఉన్న చిన్న పట్టికను ఒకసారి వరుసగా చూడండి. క్రియాటినిన్ చేరిన రోజు 3.8, మరుసటి రోజు 2.9, మూడో రోజు 2.1, ఇంటికి పంపిన రోజు 1.6. మొదటి 24 గంటల్లో మూత్రం 400 మిల్లీలీటర్లే వచ్చింది, సెలైన్లు ఎక్కించిన తరువాత మూడో రోజుకు 1900 మిల్లీలీటర్లకు పెరిగింది. పొటాషియం 5.7 నుంచి 4.3కు దిగింది. డయాలసిస్ అవసరమయ్యేది మందులకు లొంగకుండా పొటాషియం పెరిగిపోతున్నప్పుడు, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తున్నప్పుడు, రక్తంలో ఆమ్లం పేరుకుని మనిషి మగతలోకి జారుతున్నప్పుడు. ఈ మూడింటిలో ఏదీ మీ నాన్నగారికి రాలేదు. క్రియాటినిన్ రోజురోజుకూ దిగుతూ వచ్చింది కాబట్టి 1.6ను ఆయన కిడ్నీల స్థిరమైన స్థాయిగా లెక్క వేయకూడదు. అది ఇంకా దిగే దారిలో, ఇంటికి పంపిన రోజు కనిపించిన అంకె మాత్రమే.

ఇప్పుడు కారణం సంగతి. నిర్ధారణ వరుసలో ‘ఏజీఈ వల్ల ప్రీరీనల్ ఏకేఐ, ఎన్‌సాయిడ్ వాడకం’ అని రాశారు. ఏజీఈ అంటే వాంతులు, విరేచనాలు. ప్రీరీనల్ అంటే లోపం కిడ్నీలో మొదలవలేదు, కిడ్నీకి చేరాల్సిన రక్తం తగ్గింది అని అర్థం. ఎన్‌సాయిడ్ అంటే నొప్పి గోలీ. మొదటి పేజీలో ఉన్న మందుల చరిత్రను దీనికి జోడించి చదివితే జరిగింది తెలుస్తుంది. ఆయన ప్రతి ఉదయం టెల్మిసార్టన్ 40, హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 కలిసి ఉన్న బీపీ గోలీ వేసుకుంటున్నారు. మోకాళ్ల నొప్పికి వారం రోజులుగా డైక్లోఫెనాక్ రెండు పూటలా వేసుకున్నారు. విరేచనాలు పట్టుకున్న రెండు రోజులు కూడా ఈ రెండు గోలీలూ ఆగలేదు.

మీకు బత్తాయి తోట ఉంది కాబట్టి డ్రిప్ పైపుతో పోల్చి చెబుతాను. పైపులో ప్రెషర్ ఉంటేనే చివరి చెట్టు దాకా చుక్క పడుతుంది. కిడ్నీలోని ప్రతి జల్లెడకూ రక్తం తెచ్చే సన్నని నాళం ఒకటి, తీసుకుపోయే నాళం ఒకటి ఉంటాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీ తెచ్చే నాళాన్ని వెడల్పు చేసుకుని, తీసుకుపోయే నాళాన్ని బిగించి, ఉన్న కొద్ది రక్తంతోనే జల్లెడలో ప్రెషర్ నిలుపుకుంటుంది. డైక్లోఫెనాక్ తెచ్చే నాళాన్ని వెడల్పు కానివ్వదు. టెల్మిసార్టన్ తీసుకుపోయే నాళాన్ని వదులు చేస్తుంది. గోలీలోని రెండో మందు మూత్రం ద్వారా ఉప్పును, దానితో పాటు నీటిని ఇంకా బయటికి పంపుతుంది. టెల్మిసార్టన్ మంచి మందే, మామూలు రోజుల్లో చాలామందికి కిడ్నీలను కాపాడేది కూడా. అయితే ఒళ్లు ఎండిపోయిన రోజున నొప్పి గోలీ తోడైతే కిడ్నీకి తనను కాపాడుకునే దారి రెండు వైపులా మూసుకుపోతుంది.

కాబట్టి మీ ముఖ్యమైన ప్రశ్నకు నా జవాబు ఇది: పాత బీపీ గోలీని ఇప్పుడు వేయకండి. మూడో పేజీ కింద ‘టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయాజైడ్ ఆపివేయాలి, రివ్యూలో నిర్ణయం’ అన్న ఒక్క వరుస ఆ సమ్మరీ మొత్తంలో నేను అన్నిటికంటే ముందు చదివే వరుస. దాని బదులు రోజుకు ఒకటి చొప్పున అమ్లోడిపిన్ 5 రాశారు. ఈ మందు పూర్తిగా పట్టు చూపడానికి వారం పడుతుంది, అందుకే ఈ నాలుగు రోజులకు 150/90 ఉండటం ఆందోళన పడాల్సిన విషయం కాదు. బీపీ 180/110 దాటినా, తలనొప్పి, చూపు మసకబారడం, ఛాతీ నొప్పి వంటివి వచ్చినా రివ్యూ తేదీ దాకా ఆగకుండా దవాఖానకు వెళ్లండి. అమ్లోడిపిన్‌తో కొందరికి సాయంత్రానికి చీలమండల దగ్గర వాపు వస్తుంది. అది ఈ మందు వల్లనా, కిడ్నీ వల్లనా అన్నది ఇంట్లో తేల్చుకోవద్దు, రివ్యూలో చూపించండి. కడుపులో ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ 5 రోజులకే రాశారు కాబట్టి ఆ 5 రోజులతోనే ఆపేయండి.

గతంలో నా దగ్గర ఇలాగే కోలుకుని వెళ్లిన ఒక రైతు రెండు వారాల తరువాత క్రియాటినిన్ మళ్లీ పెరిగి వచ్చాడు. కొత్త మందులు తప్పకుండా వాడుతున్నాడు. ఆయన భార్య తెచ్చిన ప్లాస్టిక్ కవర్‌లో మేము రాసిన మందుల కింద పాత బీపీ గోలీల స్ట్రిప్పు, సగం వాడిన నొప్పి గోలీల స్ట్రిప్పు ఉన్నాయి. ‘అవి పాతవే గదా, అవి గూడ వేసుకుంటున్నడు’ అని ఆమె చెప్పినప్పుడు తప్పు నాదేనని నాకు అర్థమైంది. ఏవి వేయాలో చెప్పాను, ఏవి ఇంట్లో నుంచి తీసేయాలో చెప్పలేదు. ఆనాటి నుంచి డిశ్చార్జ్ రోజున ఆ కవర్‌ను మంచం మీద గుమ్మరించి ఒక్కొక్క స్ట్రిప్పునూ చూస్తున్నాను. మీరూ ఈ రోజే ఆ పని చేయండి.

మీ సమ్మరీలో నాకు నచ్చనిది ఒక్కటుంది. సలహాల చోట ‘అవాయిడ్ నెఫ్రోటాక్సిక్ డ్రగ్స్’ అని రాసి వదిలేశారు. కిడ్నీకి హాని చేసే మందులు మానాలని దాని అర్థం, కాని ఆ మందులు ఏవో చెప్పనప్పుడు ఆ మాట ఇంటివాళ్లకు ఎందుకూ పనికిరాదు. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రాక్సెన్, నిమెసులైడ్, ఎటోరికాక్సిబ్ అన్న ఆరు పేర్లను ఒక కాగితం మీద రాసి మందుల డబ్బాకు అంటించండి. మెడికల్ షాపులో నొప్పి గోలీ అడిగితే పారాసిటమాల్‌తో అసిక్లోఫెనాక్ కలిసిన గోలీని చేతిలో పెట్టడం మామూలు. అందుకే స్ట్రిప్పు వెనుక సన్నని అక్షరాల్లో ఉన్న పేర్లను చదివాకే కొనండి. ఊళ్లో నడుము నొప్పికో, జ్వరానికో వేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. మోకాళ్లకు ప్రస్తుతానికి ఒట్టి పారాసిటమాల్ 650 చాలు. లివర్ జబ్బు, మద్యం అలవాటు లేకపోతే రోజుకు మూడు, మరీ అవసరమైతే నాలుగు దాకా, మధ్య 6 గంటల ఎడంతో వాడవచ్చు. దీనికి వేడి కాపడం, తొడ కండరాలకు వ్యాయామం తోడు చేసుకోవాలి.

మునుగోడు, మర్రిగూడ వైపు నుంచి వచ్చేవారికి ఈ నొప్పుల గురించి మరో మాట చెప్పాలి. అక్కడ ఏళ్ల తరబడి బోరునీళ్లు తాగినవారిలో ఫ్లోరైడ్ వల్ల నడుము, మెడ, మోకాళ్లు బిగుసుకుపోవడం మనకు తెలిసిందే. ఒంట్లో చేరిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది కిడ్నీలే కాబట్టి, కిడ్నీ మందగిస్తే అది ఇంకా పేరుకుంటుంది. నొప్పికి వేసిన గోలీ కిడ్నీని దెబ్బతీస్తే, ఆ దెబ్బ తిరిగి నొప్పినే పెంచవచ్చు. తోట దగ్గర పని రోజుల్లో కూడా ఆయన బోరునీళ్లు తాగకుండా ఇంటి నుంచి మిషన్ భగీరథ నీళ్లు తీసుకెళ్లేలా చూడండి. ఆ మోకాళ్ల నొప్పి అరుగుదలదా, ఫ్లోరైడ్‌దా అన్నది ఎక్స్‌రేతో ఎముకల డాక్టర్ చూస్తారు, దానికి తొందర లేదు.

నీళ్ల విషయంలో రెండు వైపులా పొరపాటు జరుగుతుంది. కిడ్నీ బాగుపడాలని కొందరు రోజుకు ఐదారు లీటర్లు బలవంతంగా తాగిస్తారు, కొందరు కిడ్నీ జబ్బు అనగానే నీళ్లు తగ్గిస్తారు. మూత్రం బాగా వస్తున్న మీ నాన్నగారికి రెండు నుంచి రెండున్నర లీటర్లు సరిపోతాయి, ఎండలో పని చేసిన రోజు దాహాన్ని బట్టి మరికొంత తాగాలి. రివ్యూ దాకా రోజూ ఉదయం మూత్రానికి వెళ్లివచ్చాక బరువు చూసి రాయండి. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగి కాళ్లలో వాపు, ఆయాసం ఉన్నా, మళ్లీ వాంతులు, విరేచనాలు మొదలైనా, రోజు మొత్తం మీద మూత్రం అర లీటరు రాకపోయినా వెంటనే చూపించాలి. అనుమానంగా ఉంటే ఒక రోజు పాత లీటరు సీసాలో పట్టి కొలవండి. మీ తోట పండు మానాల్సిన పని లేదు, రోజుకు ఒక బత్తాయి తినవచ్చు. గ్లాసుల కొద్దీ రసం, కొబ్బరినీళ్లు మాత్రం పొటాషియం పరీక్ష మళ్లీ వచ్చే దాకా వద్దు.

ఏడో రోజు రివ్యూకు వెళ్లే ముందే క్రియాటినిన్, పొటాషియం, మూత్ర పరీక్ష వీలైతే అదే ల్యాబ్‌లో చేయించండి. క్రియాటినిన్ 1.2 లోపుకు వస్తే దాదాపు కోలుకున్నట్టే. 1.4, 1.5 దగ్గర ఆగితే భయపడకుండా నాలుగు వారాలకు మళ్లీ చూడాలి. 1.6 కంటే పెరిగితే అదే రోజు కిడ్నీ డాక్టర్‌ను కలవాలి. అంకె మామూలుకు వచ్చినా మూడు నెలలు నిండాక ఒకసారి క్రియాటినిన్‌తో పాటు మూత్రంలో అల్బుమిన్ పరీక్ష చేయించాలి, ఎందుకంటే మూడు నెలలు దాటినా మిగిలి ఉన్న లోపాన్నే దీర్ఘకాలికం అంటారు. ఆ పరీక్షల్ని బట్టి టెల్మిసార్టన్‌ను మళ్లీ మొదలుపెట్టే అవకాశం ఉంది. మొదలుపెడితే వారం, రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం తిరిగి చూడాలి. వాంతులు, విరేచనాలు పట్టిన రోజున ఆ గోలీని ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మళ్లీ వేయాలో డాక్టర్ చేత ఆ చీటీ మీదే రాయించుకోండి. అలాంటి రోజున ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తాన్ని ఒక లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, గ్లాసుకు కొంచెం చొప్పున వేస్తే ఉప్పు పాళ్లు తప్పుతాయి.

రివ్యూకు వెళ్లేటప్పుడు సమ్మరీతో పాటు నిరుటి శిబిరం రిపోర్టు, బరువు, బీపీ రాసిన కాగితం, ఇంట్లో ఉన్న మందుల కవర్ మొత్తం తీసుకెళ్లండి. సమ్మరీలో ‘నిరుడు క్రియాటినిన్ 1.0’ అని డాక్టర్ చేత రాయించి సంతకం పెట్టించుకోండి.