ఫోటోలు కాదు, మాదిరి బోర్డు చూపించమనండి

"మాది విజయనగరం. మా అమ్మాయి ఇంటర్ అయింది. ముగ్గులు, గోడ బొమ్మలు బాగా వేస్తుంది. షాపుల బోర్డులు రాస్తానంటోంది. ఫోన్‌లో ఫోటోలు చూపిస్తే అందరూ బాగున్నాయంటారు, పని మాత్రం ఇవ్వరు. ఏం చేయాలి?"

ఫోటోలో ముగ్గు చూసిన షాపాయన తన పేరు బోర్డు మీద ఎలా ఉంటుందో ఊహించుకోలేడమ్మా. అందుకే అడుగున్నర వెడల్పు, అడుగు ఎత్తున్న ఇనుప రేకు మీద ఆయన షాపు పేరే రాసి తీసుకెళ్లమనండి. గంటస్తంభం చుట్టుపక్కల నాలుగు చిన్న షాపులు ఎంచుకుంటే నాలుగు రేకులు చాలు. ఆ రేకును షాపు మీద పట్టుకుని, రోడ్డు అవతల నుంచి ఆయన్నే చూడమనాలి. బేరం అక్కడే మొదలవుతుంది.

తెలుగు బోర్డులో కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఒత్తుల దగ్గర. 'శ్రీ లక్ష్మీ టిఫిన్స్' అని 8 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు బోర్డు రాయాలనుకోండి. ఎత్తు 36 అంగుళాలు. పైన 3, కింద 3 వదిలితే 30 మిగులుతాయి. అక్షరానికే 24 ఇచ్చేస్తే 'క్ష్మీ' కింద రెండు ఒత్తులు నలిగిపోయి, దూరం నుంచి మచ్చలా కనిపిస్తాయి. అక్షరానికి 14, పైన గుడులకు 6, కింద ఒత్తులకు 10 ఉంచితే హాయిగా చదవొచ్చు. ముందు దారానికి సుద్ద పూసి గీతలు కొట్టుకుని, సుద్దతో రాసి, దూరం వెళ్లి చూశాకే బ్రష్ పట్టాలి.

రెండో సంగతి రంగు ఊడటం. కొత్త రేకు మీద నూనె జిడ్డు ఉంటుంది. థిన్నర్ గుడ్డతో తుడిచి, ఎమిరీ పేపర్‌తో రుద్ది, రెడాక్సైడ్ ప్రైమర్ వేసి ఒక రాత్రి ఆరనివ్వాలి. మర్నాడు ఓ మూల సెల్లోటేప్ గట్టిగా అంటించి లాగి చూడమనండి. ప్రైమర్ టేపుతో వచ్చేస్తే జిడ్డు పోలేదన్నమాట, మళ్లీ మొదలుపెట్టాల్సిందే. తర్వాత ఎనామిల్ రెండు కోట్లు, రోజుకొకటి. ఈ 24 చదరపు అడుగులకు అర లీటరు సరిపోతుంది. అక్షరాలతో కలిపి నాలుగు రోజుల పని. షాపాయన రేపే కావాలన్నా తొందరపడి ఒప్పుకోవద్దు. సామాను ఖర్చు ముందే తీసుకోవాలి.

గోడ పని అడిగితే ముందు అరచేత్తో గోడ రుద్ది చూడాలి. తెల్లపొడి అంటితే సున్నం గీకించకుండా బొమ్మ మొదలుపెట్టకూడదు. చెమ్మ ఉన్న గోడనైతే ఒప్పుకోకపోవడమే మంచిది.

ముగ్గులను వదిలేయమనను. అవి సంక్రాంతి పని. వాటికి మాదిరిగా నిచ్చెన ఎక్కి పైనుంచి తీసిన ఫోటో, పక్కనే ఎన్ని అడుగుల ముగ్గో, ఎన్ని గంటలు పట్టిందో రాసిన కాగితం చాలు. బోర్డుల కోసం మాత్రం పైడితల్లమ్మ పండగకి నెలన్నర ముందే షాపులకు వెళ్లమనండి. అప్పుడు వానలు కూడా ఉంటాయి కాబట్టి, రేకు ఆరబెట్టుకోవడానికి మీ వరండాలో కాస్త చోటివ్వండి.