ఫొటోలో వాన పడాలి, మొహం మారకూడదు

ప్రశ్న: ఎండలో తీసిన మా చెల్లి ఫొటో ఇచ్చి, వానలో తడుస్తున్నట్టు మార్చమని ఏఐ టూల్‌ని అడిగాను. ఒకసారి మొహం ఇంకెవరిదో అయిపోతోంది, మొహం సరిగా వస్తే వాన అతికించినట్టుంది. ఏం చేయాలి?

ముందు వేరే ఫొటో వెతకండి. నీడలోనో మబ్బు పట్టినప్పుడో తీసింది దొరికితే సగం పని అయిపోయినట్టే. ఎండలో తీసిన మొహానికి ముక్కు కింద, గడ్డం కింద గట్టి నీడలుంటాయి. మబ్బు వెలుతురు ఆకాశమంతటి నుంచీ వస్తుంది కాబట్టి వానలో అలాంటి నీడలు ఉండవు. ఆ నీడల్ని అలాగే ఉంచితే వాన అబద్ధంలా కనిపిస్తుంది, తీసేయమంటే టూల్ మొహాన్ని మళ్లీ గీస్తుంది, పోలిక పోయేది అక్కడే.

ఎండ ఫొటో ఒక్కటే ఉంటే అన్నీ ఒకేసారి అడగొద్దు. మొదట వెలుతురు మాత్రమే మార్చమనండి:

```
Change only the light to soft overcast. Keep face, pose and clothes the same.
```

వచ్చినదాన్ని పెద్దది చేసి కనుబొమలు, పళ్ల వరస, పుట్టుమచ్చలు అసలు ఫొటోతో పోల్చండి. తేడా ఉంటే ఆ బొమ్మనే మళ్లీ మళ్లీ దిద్దించకండి, ప్రతిసారీ పోలిక ఇంకాస్త జారిపోతుంది, అసలు ఫొటోతోనే మళ్లీ మొదలుపెట్టండి. మొహం కుదిరాక, మీ టూల్‌లో ఫొటోలో కొంత భాగాన్నే మార్చనిచ్చే మాస్క్ ఉంటే బట్టలు, జుట్టు, నేల వరకే ఎంచుకుని మిగతా పని చేయించండి, మొహం జోలికి పోకుండా ఉంటుంది.

బట్టలు తడిపేటప్పుడు చాలామంది మెరుపు అడుగుతారు, దాంతో అవి ప్లాస్టిక్‌లా తేలతాయి. నూలు బట్ట తడిస్తే ముందు కనిపించేది రంగు ముదరడం. పోగుల మధ్య గాలి ఉన్నచోట నీళ్లు చేరి, వెలుతురు వెనక్కి చెదరడం తగ్గుతుంది, లేత నీలం కాస్తా ముదురు నీలం అవుతుంది. అందుకే "భుజాలు, ఛాతీ పైభాగం ముదురు రంగులో, ఒంటికి అతుక్కుని, కిందికి వచ్చేకొద్దీ పొడిగా" అని వివరంగా అడగండి. జుట్టు కూడా పాయలుగా అంటుకోవాలి (జుట్టు పొడిగా వదిలేసే టూల్స్ చాలానే ఉన్నాయి).

నేల మీద ప్రతిబింబం పాదాల దగ్గరే మొదలవ్వాలి, మధ్యలో ఖాళీ ఉంటే మనిషి గాల్లో తేలుతున్నట్టుంటుంది. పైగా అది అసలు మనిషంత స్పష్టంగా ఉండకూడదు, చినుకులకి నీళ్లు కదులుతాయి కాబట్టి నిలువునా సాగి చెదరాలి. గరుకు రోడ్డయితే నీళ్లు నిలిచిన గుంటల్లోనే స్పష్టమైన ప్రతిబింబం రానివ్వండి.

వాన ధారలు అన్నిటికన్నా చివర. ముదురు చెట్ల ముందు బాగా, తెల్లటి ఆకాశం ముందు దాదాపు కనపడకుండా ఉండాలి. ఫొటో అంతటా ఒకే మందంతో గీతలొస్తే మాత్రం ఆ ధారల్ని తీసేయండి, తడి బట్టలు, నేల కుదిరాక ధారలు తక్కువైనా ఎవరూ అడగరు.