సైకిల్ కౌంట్‌లో అరలు రిపీట్ కాకుండా

"గోడౌన్‌లో రోజూ కొన్ని అరల్లోని సరుకు లెక్కపెడుతున్నాం. నెలాఖరుకి చూస్తే కొన్ని అరలు రెండుసార్లు వచ్చాయి, కొన్ని అసలు రాలేదు."

మీరు లిస్టు సరుకు పేరు మీద తీస్తున్నట్టున్నారండీ. A-04-2 అరలో షాంపూ, సబ్బు రెండూ ఉంటే సోమవారం షాంపూ కోసం, బుధవారం సబ్బు కోసం అక్కడికే వెళ్తారు. సిస్టమ్‌లో ఖాళీగా ఉన్న అర మాత్రం ఏ సరుకు లిస్టులోనూ రాదు. పొరపాటున పెట్టిన పెట్టెలు దొరికేది ఎక్కువగా అలాంటి చోటే.

అందుకే లిస్టు అరల మీద తీయండి, ఖాళీవాటితో సహా. ప్రతి అరకీ చివరిసారి లెక్కపెట్టిన తేదీ ఉండాలి. 1,200 అరలు, 20 పనిదినాలు అనుకుంటే, రోజూ బాగా పాత తేదీ ఉన్న 60 తీసుకోండి. షీట్ ప్రింట్ చేయగానే తేదీ మార్చేయకండి, లెక్క సిస్టమ్‌లో పోస్ట్ అయ్యాకే మారాలి. లేకపోతే సగంలో ఆగిన అరలు కూడా అయిపోయినట్టే కనిపిస్తాయి. మనిషి అర దగ్గర నిలబడి లేబుల్ స్కాన్ చేశాకే అంకె ఎంటర్ చేయనివ్వండి, పక్క అర లెక్క ఇందులో పడదు.

ఇంకో చిక్కుంది. లెక్కపెట్టిన అరలోంచి పెట్టెను ఇంకా లెక్కపెట్టని అరకి మారిస్తే అది రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. అటునుంచి ఇటు మారిస్తే అసలు రాదు. కాబట్టి ఆ పూట లిస్టులోని అరలన్నీ పోస్ట్ అయ్యేదాకా సరుకు కదలకుండా లాక్ చేయండి. పెండింగ్ పికింగ్, అంటే ఆర్డర్లకి ఆ అరల్లోంచి సరుకు తీయడం, ముందే ముగించండి.