సీపీఐ 0.80 వచ్చినప్పుడు ఈఏసీ ఏ సూత్రంతో కట్టాలి? మా మామిడి గుజ్జు గోడౌను అనుభవం

ప్రశ్న: మా బిల్డింగు పని మూడోవంతు అయింది. సీపీఐ, అంటే ఖర్చు పెట్టిన ప్రతి రూపాయికీ జరిగిన పని విలువ, 0.80 ఉంది. పూర్తయ్యేసరికి అయ్యే మొత్తం ఖర్చు అంచనాకు, అంటే ఈఏసీకి, మూడు సూత్రాలు దొరికాయి, ఒక్కోదానికి ఒక్కో అంకె వస్తోంది. లక్ష్యంలోపల ముగించడానికి మిగిలిన పనిలో కావలసిన పనితనం, అంటే టీసీపీఐ, 1.14 వచ్చింది. యజమానికి ఆఖరి ఖర్చు ఎంతని చెప్పాలి, ఈ 1.14ను ఎలా అర్థం చేసుకోవాలి?

జవాబు:

సరిగ్గా ఇవే అంకెలతో నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గోడౌను పనిలో ఇరుక్కున్నాను కాబట్టి, ఆ లెక్కనే ఉన్నదున్నట్టు చెబుతాను. గుజ్జు నింపిన డ్రమ్ములు నిలవ చేయడానికి కట్టిన గోడౌను అది. మొత్తం అంచనా, అంటే బీఏసీ, 2.40 కోట్లు. సెప్టెంబరులో మొదలుపెట్టి, జూన్‌లో తోతాపురి కాయ దిగేలోగా అప్పగించాలన్నది ఒప్పందం. జనవరి ఆఖరుకు ప్రణాళిక ప్రకారం కోటి రూపాయల విలువైన పని అయి ఉండాలి. నవంబరు వానలవల్ల, పునాదిలో తగిలిన రాతివల్ల, నిజంగా అయిన పని విలువ 80 లక్షలు. ఈ సంపాదిత విలువనే ఈవీ అంటాం. దానికైన ఖర్చు, అంటే ఏసీ, కోటి రూపాయలు.

అయితే ఆ కోటి అంకె మొదట నాకు దొరకలేదు. నేను బ్యాంకు స్టేట్‌మెంటు చూసి, చెల్లించిన డబ్బు 86 లక్షలే కాబట్టి సీపీఐ 0.93 అని, ఆఖరి ఖర్చు 2.58 కోట్ల దగ్గర ఆగుతుందని యజమానికి నోటితో చెప్పేశాను. వారం తిరగకముందే సెంట్రింగ్ మేస్త్రీ బిల్లు, ఇటుకల బిల్లు, కంకర లారీల బిల్లు కలిపి 14 లక్షలు నా బల్లమీద పడ్డాయి. ఆ పనులన్నీ జనవరిలోనే జరిగాయి, ఎం బుక్‌లో కొలతలు కూడా ఎక్కాయి. అంటే ఈవీలో చేరిన పనికి ఏసీలో ఖర్చు చేరలేదు. కాబట్టి సూత్రాల జోలికి వెళ్లేముందు, ఈవీ కొలిచిన తేదీ, ఏసీ లెక్కగట్టిన తేదీ ఒకటేనా అన్నది, ఆ తేదీ వరకు జరిగిన పనికి చెల్లించవలసిన బిల్లులన్నీ, ఇంకా చెల్లించకపోయినా సరే, ఏసీలో ఉన్నాయా అన్నది చూసుకోండి. దీనికి తలకిందులైన తప్పు కూడా ఉంది. ఇనుము ముందే కొని సైటులో పేర్చి, దాని ఖరీదు ఏసీలో వేసి, అది ఇంకా కట్టుబడిలోకి పోలేదు కాబట్టి ఈవీలో వేయకపోతే, పని బాగానే నడుస్తున్నా సీపీఐ పడిపోయినట్టు కనిపిస్తుంది.

ఇక సూత్రాల సంగతి. మీకు దొరికినవి బహుశా ఇవే అయి ఉంటాయి. వీటిలోని ఎస్పీఐ అంటే ఈవీని, ఆ తేదీకి ప్రణాళిక ప్రకారం అయి ఉండవలసిన పని విలువతో భాగించినది, మాకు అదీ 0.80. మా అంకెలను లక్షల్లో పెడితే ఇలా వస్తాయి.

```
EAC = AC + (BAC - EV)               = 100 + 160         = 260
EAC = BAC / CPI                     = 240 / 0.80        = 300
EAC = AC + (BAC - EV) / (CPI * SPI) = 100 + 160 / 0.64  = 350
```

2.60 కోట్లకూ 3.50 కోట్లకూ మధ్య 90 లక్షల తేడా ఉంది. వీటిలో ఏది సరైన సూత్రం అని వెతకడం వల్ల లాభం లేదు, ఎందుకంటే మూడూ సరైనవే, కాకపోతే మూడూ మూడు వేర్వేరు నమ్మకాలు. మొదటిది, ఇంతవరకు జరిగిన నష్టం ఇంతటితో తీరిపోయింది, మిగిలిన పని అనుకున్న ధరకే అవుతుంది అని నమ్ముతుంది. రెండోది, ఇంతవరకు రూపాయికి 80 పైసల పని ఎలా జరిగిందో చివరిదాకా అలాగే జరుగుతుంది అని నమ్ముతుంది. మూడోది, ఖర్చు దెబ్బకు తోడు ఆలస్యాన్ని పూడ్చుకోవడానికి కూడా అదనంగా డబ్బు పెట్టవలసి వస్తుంది అని నమ్ముతుంది. గడువును ఎలాగైనా అందుకోవాలని రాత్రి షిఫ్టులు వేసి, రెట్టింపు కూలి ఇచ్చి పని చేయించేచోట మూడోదానికి అర్థం ఉంటుంది. మా యజమాని మాత్రం జూన్‌కు సగం గోడౌను ఇచ్చినా చాలు, ఆరాటపడి డబ్బు పారబోయవద్దు అన్నారు కాబట్టి దాన్ని పక్కన పెట్టాను.

మిగిలిన రెండింటి మధ్య తేల్చాలంటే, ఎక్కువైన 20 లక్షలు ఎక్కడికి పోయాయో విడదీయక తప్పదు. ఇది ఆఫీసులో కూర్చుని చేసే పని కాదు. అంచనా వేసినప్పుడు మట్టి చూడటానికి రెండు గుంతలే తవ్వారు, రెండింటిలోనూ రాయి తగలలేదు. ఈశాన్యం మూలన మాత్రం మీటరు లోతులోనే రాతి పలక బయటపడింది. బ్రేకరు గంటల లెక్క రాసుకున్న లాగ్ పుస్తకం, డీజిలు చీటీలు, రాయి తరలించిన ట్రాక్టర్ల లెక్క కలిపితే రాతికే 12 లక్షలు అదనంగా తేలింది. పునాది అయిపోయింది కాబట్టి ఈ ఖర్చు మళ్లీ రాదు. మిగిలిన 8 లక్షల కథ వేరు. మా అంచనాలోని కూలి ధరలు, సామాను ధరలు తిరుపతిలో అంతకు రెండేళ్ల ముందు కట్టిన ఒక లాడ్జి అంచనానుంచి దించుకున్నవి. ఇప్పటి ధరలు వాటికంటే ఎక్కువ, మిగిలిన శ్లాబుకూ గోడలకూ ప్లాస్టరింగుకూ కూడా ఎక్కువగానే ఉంటాయి. ఇది చివరిదాకా వెంటపడే ఖర్చు.

అందువల్ల రాతి ఖర్చు తీసేసి మళ్లీ లెక్క వేశాను. 80 లక్షల పనికి 88 లక్షలు, అంటే నడుస్తున్న అసలు సీపీఐ 0.909. మిగిలిన 160 లక్షల పనిని దానితో భాగిస్తే 176 లక్షలు వస్తుంది. అదే ఈశాన్యం మూలన నీటి సంపు గుంత ఇంకా తవ్వవలసి ఉంది కాబట్టి, రాయి మళ్లీ తగిలే అవకాశానికి 2 లక్షలు విడిగా కలిపాను. ఇప్పటిదాకా అయిన కోటితో కలిసి ఈఏసీ 2.78 కోట్లు అయింది. ఏ పుస్తకంలోని సూత్రమూ ఈ అంకెను నేరుగా ఇవ్వదు. ఏ ఖర్చు ఆగిపోయింది, ఏది కొనసాగుతుంది అన్న విభజనే దీన్ని ఇస్తుంది.

సీపీఐ ఒకసారి కుదురుకుంటే పెద్దగా మారదన్న మాట మీరు విని ఉండవచ్చు. పని అయిదోవంతు దాటాక మొత్తంమీద సీపీఐ పెద్దగా కదలదన్న ఆ పరిశీలన అమెరికా రక్షణ శాఖ పెద్ద కాంట్రాక్టుల లెక్కల మీద వచ్చింది. రెండున్నర కోట్ల గోడౌనులో ఒక్క రాతి పలకే అంకెను పది పైసలు లాగేసింది కదా, కాబట్టి దాన్ని చిన్న పనులకు అలాగే అంటగట్టలేము.

ఇప్పుడు మీ 1.14 దగ్గరకు వద్దాం. యజమానికి 2.78 అని చెప్పగానే ఆయన, "ఏమప్పా, బ్యాంకోళ్లకు 2.50 అని చెప్పినాము, ఇప్పుడు ఇట్లంటే ఎట్ల? ఆ రెండున్నరలోనే ముగించు" అన్నారు. ఆయనతో వాదించడానికి నాకు టీసీపీఐ ఒక్కటే పనికొచ్చింది, ఎందుకంటే అది కోరికను పనితనం భాషలోకి మారుస్తుంది.

```
TCPI = (BAC - EV) / (target - AC)

target 240: 160 / 140 = 1.14
target 250: 160 / 150 = 1.07
target 278: 160 / 178 = 0.90
```

పైన ఉన్నది మిగిలిన పని, కింద ఉన్నది మిగిలిన డబ్బు. మీ 1.14 అర్థం ఇదే: పాత అంచనాలోనే ముగించాలంటే ఇకనుంచి ఖర్చు చేసే ప్రతి రూపాయికీ 1 రూపాయి 14 పైసల పని రావాలి. దీన్ని ఒంటరిగా చూస్తే ఏమీ తెలియదు, ఇప్పటి సీపీఐ పక్కన పెట్టి చూడాలి. రెండింటికీ తేడా 0.10 దాటితే ఆ లక్ష్యాన్ని అనుమానించాలన్నది ఈ రంగంలో వాడుకలో ఉన్న మోటు కొలత. మా విషయంలో రాతిని తీసేసి ఎంత మంచి మనసుతో చూసినా రూపాయికి 91 పైసల పనే జరుగుతోంది. 2.50 కావాలంటే 1 రూపాయి 7 పైసల పని జరగాలి, అంటే పనితనం ఆరోవంతుకు మించి పెరగాలి. "ఏ పనిలో, ఏ మేస్త్రీ దగ్గర, ఏ ధర తగ్గించి ఇది సాధించాలో మీరే చూపించండి సార్" అని మిగిలిన పనుల పట్టిక ఆయన ముందు పెట్టాను. ఒక గంట చూసి, తగ్గించడానికి తగిన పద్దు దొరక్క, తక్కువ పడే డబ్బు తానే సర్దుతానని ఒప్పుకున్నారు. ఒకవేళ ఆయన ప్రహరీ గోడ వద్దని ఉంటే అది వేరే సంగతి. అప్పుడు పని తగ్గింది కాబట్టి బీఏసీనే తగ్గించి రాయాలి, దాన్ని పనితనం మెరుగుదలగా చూపకూడదు.

ఇక్కడ చాలామంది పడే ఉచ్చు ఒకటుంది, నేనూ పడబోయాను. బీఏసీని సీపీఐతో భాగించి ఈఏసీ తెచ్చి, ఆ ఈఏసీనే లక్ష్యంగా పెట్టి టీసీపీఐ కడితే, అది కచ్చితంగా సీపీఐతోనే సమానంగా వస్తుంది. మా అంకెలతో చూడండి: లక్ష్యం 300 అయితే 160ని 200తో భాగించాలి, వచ్చేది 0.80. ఇది ఎప్పుడూ ఇలాగే వస్తుంది, ఎందుకంటే ఒకే అంకెను తిప్పి రాస్తున్నాం. అది చూసి "ఈఏసీ సరిపోయింది" అని రిపోర్టులో రాస్తే తనకు తానే సాక్ష్యం చెప్పుకున్నట్టే. బయటనుంచి వచ్చిన లక్ష్యానికే, అంటే మంజూరైన బడ్జెట్టుకో, బ్యాంకు అప్పుకో, యజమాని కోరికకో, టీసీపీఐ పరీక్ష పనికొస్తుంది.

ఏప్రిల్ ఆఖరుకు ఈవీ 150 లక్షలు, ఏసీ 179 లక్షలు అయింది. ఆ మూడు నెలల్లో 70 లక్షల పనికి 79 లక్షలు పట్టింది, అంటే రూపాయికి 89 పైసలు. నేను అనుకున్న 91కి అది దగ్గరగానే ఉన్నా కొంచెం తక్కువే. రాతిని తీసేసి మళ్లీ అదే పద్ధతిలో కడితే, సంపు గుంత 2 లక్షలతో కలిసి ఈఏసీ 2.81 కోట్లకు జరిగింది. అదే రోజు 2.50 లక్ష్యానికి టీసీపీఐ 90ని 71తో భాగిస్తే 1.27 వచ్చింది. జనవరిలో 1.07గా ఉన్నది మూడు నెలల్లో అంతకు ఎగబాకడంతో యజమాని ఇక ఆ అంకె ఎత్తలేదు. జూన్‌లో సగం గోడౌను అప్పగించాం, పూర్తయ్యేసరికి లెక్క 2.82 కోట్లకు తేలింది. సంపు గుంతలో రాయి తగిలింది కూడా.

మీ పనికి నా సలహా ఇది. బిల్లులు తేదీకి సరిచూసుకున్నాక కూడా సీపీఐ 0.80గానే ఉంటే, ఎక్కువైన ఖర్చులో తీరిపోయిన భాగమెంతో, కొనసాగే భాగమెంతో కాగితాల ఆధారంతో విడదీసి ఒక ఈఏసీ చెప్పండి. విడదీయడానికి ఆధారాలు లేకపోతే, బీఏసీని సీపీఐతో భాగించిన అంకెనే చెప్పండి. ఆధారం లేకుండా మొదటి సూత్రాన్ని ఎంచుకోవద్దు. పని చివరికొచ్చాక బీఏసీమీద టీసీపీఐ కట్టడం మానేయండి. మిగిలిన డబ్బు సున్నాకు దగ్గరయ్యేకొద్దీ ఆ అంకె ఆకాశానికి ఎగురుతుంది, ఖర్చు బీఏసీని దాటిన రోజున రుణసంఖ్యగా మారుతుంది, దానికి అర్థమేమీ ఉండదు.