కరువు పాఠానికి మైండ్ మ్యాప్ గీసేటప్పుడు

పాపా,

నువ్వు పంపిన ఫోటో చూశాను. మధ్యలో "అనంతపురం కరువు" అని రాసి, చుట్టూ వర్షపాతం, నేలలు, పంటలు, నీటిపారుదల అని నాలుగు కొమ్మలు గీశావు. పుస్తకంలో నాలుగు పేరాలున్నాయి, వాటి హెడ్డింగులే నీ కొమ్మలయ్యాయి. ఇది విషయసూచిక అవుతుంది గానీ ఏది దేనికి కారణమో ఇందులో కనపడదు. పరీక్షలో "కారణాలు వివరించండి" అని అడిగితే రాయాల్సింది ఆ కారణాల వరసే కదా.

మళ్ళీ మొదలుపెట్టు. పెన్ను పక్కన పెట్టి పాఠం మొత్తం ఒకసారి చదివి, ఇది ఏ ప్రశ్నకు జవాబు చెబుతోందో ఒక్క వాక్యంలో అనుకో. మూడో పేరా చివర, సగటు వాన పడిన ఏడాది కూడా చెనక్కాయ చేతికి రాకపోవచ్చు అని ఒక మాట ఉంది చూడు, పాఠమంతా ఆ మాట చుట్టూనే తిరుగుతోంది. అందుకే కాగితం మధ్యలో "వాన పడినా పంట ఎందుకు పోతుంది?" అని రాయి. ప్రశ్న మధ్యలోకి వస్తే కొమ్మలు దానికి జవాబులుగా మారతాయి: వాన ఎందుకు తక్కువ, పడింది ఎందుకు నిలవదు, పైరుకు ఎప్పుడు కావాలి, బయటి నీళ్ళు ఎంత ఆదుకుంటాయి.

ఒక్కో కొమ్మ మీద ఒకటి రెండు మాటలకు మించి రాయొద్దు. వాన కొమ్మకు "పడమటి కనుమల వర్షచ్ఛాయ", "ఈశాన్య రుతుపవనాలు ఇక్కడికొచ్చేసరికి బలహీనం", "ఏడాదికి దాదాపు 550 మి.మీ.", "వానల మధ్య విరామం" అని నాలుగు చిన్న రెమ్మలు చాలు. నేల కొమ్మకు "ఎర్రనేల, లోతు తక్కువ". పైరు కొమ్మకు "జూన్, జులైలో విత్తు", "ఊడలు దిగే దశ". నీళ్ళ కొమ్మకు "తుంగభద్ర ఎగువ కాలువ" ఒకటి, "బోర్లు, దిగిపోయే భూగర్భజలం" ఒకటి. ఒక రెమ్మకు పూర్తి వాక్యం రాయాల్సి వస్తోందంటే నీకు ఆ ముక్క ఇంకా అర్థం కాలేదన్నమాట, పుస్తకం తెరిచి ఆ నాలుగు లైన్లు మళ్ళీ చదువు.

అసలు పని ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు బాణాలు గీయాలి, ప్రతి బాణం మీద ఆ సంబంధం ఏమిటో రాయాలి. "లోతు తక్కువ నేల" నుంచి పైరు కొమ్మకు ఒక బాణం వేసి దాని మీద "తేమ త్వరగా ఆరిపోతుంది కాబట్టి" అని రాయి. వానల మధ్య వచ్చే విరామం నుంచి "ఊడలు దిగే దశ"కు ఇంకో బాణం వేసి "ఆ రోజుల్లో తేమ లేకుంటే ఊడలు భూమిలోకి దిగవు, కాయ కట్టదు" అని రాయి. ఈ రెండు బాణాలూ ఒకే చోట కలుస్తాయి చూడు, మధ్యలో ఉన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది: ఏడాది మొత్తం వాన లెక్క సరిపోయినా అది పడాల్సిన రోజుల్లో పడలేదు, పడింది నేలలో నిలవలేదు. పేరాల వారీగా గీసిన బొమ్మలో ఈ కలయిక కనపడే వీలే లేదు, ఎందుకంటే నేల రెండో పేరాలో ఉంది, పైరు మూడో పేరాలో ఉంది.

బాణం మీద మాట రాయకుండా వదిలేస్తే వారం తర్వాత అది ఎందుకు గీశావో నీకే తెలియదు. పుస్తకంలో "అందువల్ల", "అయినప్పటికీ", "లేకపోతే" అన్న మాటలు ఎక్కడున్నాయో పెన్సిల్‌తో గుర్తుపెట్టుకో, బాణాలు చాలావరకు అక్కడే దొరుకుతాయి. "అయినప్పటికీ" ఉన్నచోట మాత్రం బాణానికి అడ్డగీత పెట్టు. కాలువ ఉన్నప్పటికీ చాలా భూమి వాన మీదే ఆధారపడింది అన్నది అలాంటి సంబంధమే, దాన్ని మామూలు బాణంగా గీస్తే అర్థం తలకిందులవుతుంది.

గీశాక రోజూ దాన్ని చూస్తూ కూర్చోవద్దు. రెండు రోజులాగి తెల్ల కాగితం మీద ఏమీ చూడకుండా మళ్ళీ గీయి, తర్వాత పక్కపక్కన పెట్టి పోల్చు. కొమ్మలు దాదాపు అన్నీ గుర్తొస్తాయి, పోయేది బాణాలే. పోయిన బాణాలను మాత్రం ఎర్ర పెన్నుతో వేసి, ఆ ఒక్క సంబంధం గురించి పుస్తకంలో ఉన్నది చదువు. పాఠమంతా మొదట్నుంచీ చదవక్కర్లేదు. ఆ తర్వాత బొమ్మ చేతిలో పెట్టుకుని మీ అమ్మకు నోటితో చెప్పు. ఒక కొమ్మ నుంచి ఇంకోదానికి వెళ్ళేటప్పుడు "ఇంకా..." అని నసుగుతున్నావంటే అక్కడ బాణం లేదని అర్థం.

ఒకటి గుర్తుంచుకో, మైండ్ మ్యాప్‌లో వరస నిలవదు. పెన్న నది నంది కొండల్లో పుట్టి ఏయే ఊళ్ళ మీదుగా పోతుందో, ఏ ఏడాది ఏం జరిగిందో లాంటివి దీంట్లో ఇరికించొద్దు, వాటికి ఒక నిలువు గీత గీసి పక్కన వరుసగా రాసుకో.

ఆదివారంలోపు రెండోసారి గీసింది పంపు, ఎర్ర పెన్ను గీతలతో సహా.

మీ మామ